2021/02/27 06:52

మా పెద్దమ్మ చేతులు కనపడే పద్నాలుగు సెకన్ల షాటు ఒకటి నా దగ్గర ఉంది. కల్లంలో పరిచిన మిరపకాయల ముందు గొంతుక్కూర్చుని తాలు ఏరుతుంటుంది. ఎర్రకాయ ఒక పక్కకి, రంగుపోయి తెల్లబడ్డది ఇంకో పక్కకి. మాట్లాడేది ఎవరితోనో, చూసేది ఎటో, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. ఫ్రేము కింది భాగమంతా ఆ వేళ్ళే. సరిగ్గా వాటి మీద, ఎడమ మూల నుంచి తెల్లటి అక్షరాల్లో ఫోన్ పేరు, దాని కింద 2021/02/27 06:52.

ఊరు పర్చూరు దగ్గర. అప్పుడు ప్రకాశం జిల్లా, మరుసటి ఏడాది బాపట్ల జిల్లా అయింది. మిరపకోత మీద చిన్న డాక్యుమెంటరీ తీద్దామని మూడు రోజులు వెళ్ళాను. రెండో రోజుకే నా ఫోన్ నిండిపోయింది. పెదనాన్న తన ఫోన్ ఇచ్చాడు. కొత్తది, కెమెరా నాదానికన్నా బాగుంది. మంచు విడుతున్న వెలుతురు దొరికినంత సేపూ తీశాను. తీస్తున్నప్పుడు తెర మీద ఏ అక్షరాలూ లేవు.

అసలు మోసం అక్కడే ఉంది. ఈ ముద్ర తీసేటప్పుడు కనిపించదు. ఫైలు సేవ్ అయ్యేటప్పుడు బొమ్మ మీద పడుతుంది. గ్యాలరీ తెరిచి చూస్తేగానీ తెలియదు, నేనేమో హైదరాబాద్ వచ్చాక తెరిచాను. ముద్ర అంటే బొమ్మ పైన ఆనించిన గాజు పలక లాంటిది అనుకున్నాను, తీసేస్తే కింద అసలుది ఉంటుందని. ఉండదు. ఆ అక్షరాలున్న చోట ఉండాల్సిన వేలి రంగు ఎక్కడా నిలవ లేదు. కొన్ని ఫోన్లు ఫోటోలకి మాత్రం ఆ ముక్క అసలుది దాచిపెట్టి, గ్యాలరీలోనే ముద్ర చెరిపే వీలిస్తాయి. నాది వీడియో.

పెదనాన్నకి ఫోన్ చేశాను. "తేదీ నేనే పెట్టించుకున్నారా," అన్నాడు. ఫోన్ కొన్న షాపులో కుర్రాడి చేత పెట్టించాడట. ఏ రోజు ఏ మందు కొట్టిందీ, కాటా మీద ఏ టిక్కీ ఎంత తూగిందీ అన్నీ ఫోటో తీసి పెట్టుకుంటాడు. పురుగుమందు డబ్బా లేబులూ, కొట్టువాడిచ్చిన చీటీ కూడా. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి. ఆయనకి తేదీ లేని ఫోటో సంతకం లేని నోటు. కంపెనీ పేరు మాత్రం ఆయన అడిగింది కాదు, అది కొన్నప్పట్నుంచీ ఉంది. ఆ సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు కూడా.

మూడు రకాలుగా ప్రయత్నించాను. మొదటిది కోసేయడం. ఫ్రేము ఎత్తు 1080 గీతలు, ముద్ర అడుగున ఒక వంద గీతల్లో ఉంది. పదో వంతు, అంటే 108 గీతలు కింద కోసి, ఆకారం చెడకుండా అడ్డంగా 192 కూడా తీసేస్తే 1728×972 మిగులుతుంది. దాన్ని మళ్ళీ పెద్దది చేసుకోవాలి. కాస్త మెత్తబడుతుంది తప్ప ఫోన్ మీద చూసేవాళ్ళకి తేడా తెలియదు. దూరంనుంచి తీసిన కల్లం షాట్లన్నీ అలాగే గట్టెక్కాయి. పెద్దమ్మ షాటులో మాత్రం కోసిన ఆ పదో వంతులోనే వేళ్ళున్నాయి. మణికట్టు దాకా కనిపిస్తుంది, చెయ్యి ఏం చేస్తోందో కనిపించదు.

రెండోది పూత. ముద్ర చుట్టూ డబ్బా గీస్తే, పక్కనున్న రంగుల్ని లోపలికి లాగి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ చోటు నింపుతుంది. ఆకాశం, సున్నం కొట్టిన గోడ, పరదా పట్టా అయితే అతుకు కనపడదు. మిరపకాయల మీద ఆ పప్పులుడకవు. ఒక్కో కాయకీ ఒక అంచు, ఒక మెరుపు, ఒక నీడ. ఆ డబ్బా ఉన్న చోట అన్నీ కలిసి పచ్చడయ్యాయి. పైగా వేలు అందులోకి వెళ్ళి మాయమై, అవతల మళ్ళీ పుట్టుకొస్తుంది. మూడోది సినిమా స్కోపులా పైనా కిందా నల్ల పట్టీలు. చూడ్డానికి గంభీరంగా ఉంటుందిగానీ, పట్టీ కింద పోయేది మళ్ళీ ఆ వేళ్ళే.

కంపెనీ పేరు కన్నా గడియారం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పొద్దున తీసిన షాటు పక్కన సాయంత్రం తీసింది పెట్టి, ఒకే పూట జరిగినట్టు చూపించడం ఎడిటింగులో మామూలే. కింద 06:52, తర్వాత 17:10, మళ్ళీ 07:03 అని పడుతుంటే చూసేవాడు కాయల్ని వదిలేసి లెక్కలు కడతాడు.

తేదీ కావాలంటే బొమ్మ మీద పొడిపించుకోనక్కర్లేదు. VID_20210227_065214.mp4 అనే ఫైలు పేరులోనే ఉంది. ఫైలు లోపల కూడా రాసి ఉంటుంది, కాకపోతే వీడియోల్లో సాధారణంగా గ్రీనిచ్ సమయంలో. నా షాటు లోపలి సమయం 01:22 అని చూపిస్తే, అర్ధరాత్రి కల్లంలో ఎవరున్నారా అని కంగారుపడ్డాను. అయిదున్నర గంటలు కలిపితే సరిపోయింది. అయితే ఈ లోపలి రాత వాట్సాప్ దాటదు. మామూలుగా పంపితే రాలిపోతుంది, పేరూ మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపితేనే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. పెదనాన్న ఫోటోలన్నీ వాట్సాప్‌లోనే తిరుగుతాయి కాబట్టి ఆయన లెక్కలో ఆయనది రైటే. బొమ్మ మీది తేదీ అయినా ఫోన్ గడియారం చెప్పిందే. గడియారం మారిస్తే అదీ మారుతుంది. మా ఇంటి ఆల్బంలో పాత రీలు కెమెరా కాషాయరంగు అంకెలు వేసిన ఫోటోలున్నాయి, అందులో నా మూడో పుట్టినరోజు నేను పుట్టకముందే జరిగింది.

ఆ ఏడాది మేలో, రెండో వేవ్‌లో, పెద్దమ్మ పోయింది. షాటు మళ్ళీ తీసేది లేదు.

2021 చివర్లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరపతోటల మీద పడింది. పువ్వు తెరిచి చూస్తే లోపల నల్లగా కదిలేవి. పూత నిలవలేదు. పెదనాన్న చేను చూడటానికి వచ్చినవాళ్ళకి వరసగా ఫోటోలు చూపించాడు, ఏ తేదీన ఆకు ముడుచుకుంది, ఏ తేదీకి పూత రాలింది. వేలు పెట్టి కింద తేదీ చూపిస్తూ.

ఇప్పుడు ఎవరి ఫోన్‌తో తీసినా ముందు చేసేది ఒకటే. కెమెరా తెరిచి వీడియో మోడ్‌లోకి వచ్చాకే సెట్టింగ్స్‌లోకి వెళ్తాను. కొన్ని ఫోన్లలో ఫోటోకి కనిపించే వరసలు వీడియోకి వేరుగా ఉంటాయి. Watermark అని ఉన్న చోట తేదీ ఒక మీటగా, ఫోన్ పేరు ఒక మీటగా ఉంటే రెండూ ఆపుతాను. తర్వాత అయిదు సెకన్లు నేలనో గోడనో తీసి, గ్యాలరీలో తెరిచి నాలుగు మూలలూ చూస్తాను. ఫోన్ నిలువుగా పట్టి ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఐఫోన్ సొంత కెమెరాలో ఈ బెడద లేదు, కానీ కల్లంలో నాకు చేబదులిచ్చేవాళ్ళ దగ్గర ఐఫోన్లుండవు.

సినిమా పూర్తయింది. అందులో పెద్దమ్మ మణికట్టు దాకానే ఉంది. పెదనాన్నకి చూపించాను. అంతా చూసి, "అసలుది ఏదిరా?" అన్నాడు. ముద్ర ఉన్న పద్నాలుగు సెకన్లు పెట్టాను. తెర మీద తేదీ దగ్గర వేలు ఆనించి, "ఇదిగో, శనివారం," అన్నాడు. ఆ రోజు సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు కోతకొచ్చారు, పెద్దమ్మ ఎవరి మీద అరిచింది.

పోయిన మార్చిలో మళ్ళీ ఆయన ఫోనే అడిగాను. ఆయన చూస్తుండగానే రెండు మీటలూ ఆపాను.

"పనయ్యాక తేదీ మళ్ళీ పెట్టివ్వు," అన్నాడు. "కంపెనీది అక్కర్లేదు."