మూడు గడియారాలు, ఒక ఓపీ వరుస

సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళెవరైనా పేపర్ 1లో ట్రయాంగ్యులేషన్ గురించి ఒక పేరా రాయగలరు. నేనూ రాసేవాణ్ణి. డెంజిన్ పేరు, 1970, నాలుగు రకాలు, ఒక చిన్న త్రిభుజం బొమ్మ. ఆ పేరా ఎంత డొల్లో ఒక టెస్టులో తెలిసింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యూల మీద మిశ్రమ పద్ధతుల్లో పరిశోధనా ప్రతిపాదన రాయమన్నారు. "ఇంటర్వ్యూలు, పరిశీలన, పత్రాలు మూడూ సేకరించి ఒకదానితో ఒకటి సరిచూస్తాం" అని రాసి ముందుకెళ్ళిపోయాను. దిద్దిన సార్ ఆ వాక్యం కింద గీత గీసి పక్కన ఒకటే ప్రశ్న రాశారు: "మూడూ మూడు మాటలు చెబితే ఏం చేస్తావు?"

దానికి జవాబు నాకు మా నానమ్మ దగ్గర దొరికింది. మోకాళ్ళ నొప్పులకని ఒకరోజు పెద్దాసుపత్రికి వెళ్ళి, డాక్టరుకు చూపించుకోకుండానే తిరిగొచ్చింది. "తెల్లారగట్ల పోయి మధ్యాహ్నం దాకా నిలబడ్డాన్రా, నా వంతే రాలేదు. పన్నెండింటి బస్సు పోతే మళ్ళీ సాయంత్రమే కదా" అంది. ఆమె చేతిలోని ఓపీ చీటీ మీద ముద్రించిన సమయం 9.40. చీటీని నమ్మితే ఆమె రెండు గంటలపైన ఆగింది. ఆమెను నమ్మితే ఆరు గంటలు. నాకు మొదట తోచింది, ముసలావిడ కాస్త పెంచి చెబుతోందని.

పెంచలేదు. ఆమె గడియారం బస్సు దిగగానే మొదలైంది, చీటీ గడియారం కౌంటర్‌లో ప్రింటు తీసినప్పుడు మొదలైంది. మీ ప్రతిపాదనలో ముందుగా రాయాల్సింది ఇదే: మూడు ఆధారాల్లో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో. ఓపీ ప్రయాణంలో నాలుగు గుర్తులు పెట్టుకోండి. గేటు దగ్గరకు రావడం, చీటీ చేతికి రావడం, డాక్టరు ముందు కూర్చోవడం, మందులు తీసుకోవడం. ఆసుపత్రి రికార్డుకు తెలిసేది రెండో గుర్తు నుంచే. డాక్టరు గదిలోని రిజిస్టరులో పేరు, జబ్బు ఉంటాయి కానీ గంట వేయడం తక్కువ. అంటే మూడో గుర్తుకు సమయం దొరక్కపోవచ్చు. మొదటి గుర్తు ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక్కడ పరిశీలన ఎందుకు కావాలో చూడండి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక చిన్న సూత్రం ఉంది: L = λW. L అంటే సగటున వేచి ఉన్నవాళ్ళ సంఖ్య, λ అంటే గంటకు వచ్చేవాళ్ళు, W అంటే ఒక్కొక్కరు వేచి ఉన్న సగటు సమయం. L పరిశీలన ఇస్తుంది, λ చీటీలు ఇస్తాయి. ఎవర్నీ ఒక్క మాట అడక్కుండానే W వస్తుంది. తర్వాత దాన్ని ఇంటర్వ్యూలో వచ్చిన జవాబు పక్కన పెట్టొచ్చు.

లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలతో చేద్దాం. జనరల్ మెడిసిన్ ఓపీ, ఉదయం 8 నుంచి 1 వరకు. ఐదు గంటల్లో 240 చీటీలు, అంటే గంటకు 48. చీటీ పట్టుకుని వేచి ఉన్నవాళ్ళను పావుగంటకోసారి లెక్కపెడితే సగటు 60 మంది వచ్చారు. 60ని 48తో భాగిస్తే 1.25 గంటలు, అంటే గంటా పావు. ఇంటర్వ్యూలో మాత్రం "ఎంతసేపు ఆగారు?" అని అడిగితే జవాబుల సగటు మూడు గంటలు దాటింది. మూడింటికీ సగటు తీసి రెండు గంటలని రాసేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఎక్కడా లేని ఒక వరుసను కొలిచినట్టవుతుంది.

బదులుగా ప్రశ్న మార్చండి. ఎంతసేపు అని కాకుండా, ఏ బస్సుకు దిగారు, చీటీ ఎప్పుడు చేతికొచ్చింది, లోపలికి ఎప్పుడు పిలిచారు అని విడివిడిగా అడగండి. గంటలు గుర్తులేనివాళ్ళకూ బస్సు గుర్తుంటుంది. అప్పుడు దిగినప్పటి నుంచి చీటీ దాకా గంటా యాభై నిమిషాలు, చీటీ నుంచి డాక్టరు దాకా గంటా ఇరవై అని తేలిందనుకోండి. రెండో భాగం మన లెక్కలోని గంటా పావుకు దగ్గరగా ఉంది. రోగులు పెంచి చెప్పలేదు. మిగిలిన గంటా యాభై నిమిషాలు కాగితానికి కనపడని వరుసలో పోయాయి. చీటీలను మాత్రమే చూసిన అధికారి ఇంకో డాక్టరు కావాలంటాడు. ఈ అంకెల ప్రకారం ముందు చూడాల్సింది కౌంటరును: ఎప్పుడు తెరుస్తున్నారు, ఎన్ని కిటికీలు నడుస్తున్నాయి.

ఆ రెండో భాగంలో కూడా లెక్క, ఇంటర్వ్యూ కలవకపోతే? లెక్క యాభై నిమిషాలే చూపించి రోగులు గంటా ఇరవై అంటే నేను ముందు నా పరిశీలనను అనుమానిస్తాను. ఎందుకంటే మన ఆసుపత్రుల్లో వరుసలో మనుషులే ఉండరు. చెప్పులు, నీళ్ళ సీసా, సంచీ నిలబడి ఉంటాయి, వాటి తాలూకు మనిషి వేపచెట్టు కింద కూర్చుని ఉంటాడు. నిలబడ్డ తలలు మాత్రమే లెక్కపెడితే L తగ్గుతుంది, దాంతో W కూడా తగ్గుతుంది. పరిశీలన పట్టికలో నిలబడ్డవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, వస్తువులు అని మూడు గడులు పెట్టి, ఆ వస్తువు యజమాని చెట్టు కింద ఉంటే ఇద్దరిగా లెక్కించకుండా నియమం రాసుకోవాలి. చీటీలకూ ఓ జబ్బుంది. సర్వర్ ఆగినప్పుడు చేత్తో రాసిచ్చి, తర్వాత ఒకేసారి ఎక్కిస్తారు. ఒకే నిమిషం మీద డజను చీటీలు కనిపిస్తే ఆ గంట λను నమ్మకండి. ఇక వరుస ఖాళీగా మొదలై ఖాళీగా ముగిసేదాకా లెక్కపెట్టాలి. మధ్యలో టీకి వెళ్ళిపోతే సూత్రం పనిచేయదు.

ఇప్పుడు మళ్ళీ నానమ్మ. డాక్టరు గది బయట ఇంటర్వ్యూ చేస్తే ఆమె దొరకదు, అప్పటికే బస్సెక్కింది. దొరికేది చూపించుకున్నవాళ్ళే. పైగా తెల్లకోటు కనుచూపు మేరలో ఉంటే "బాగానే ఉంది బాబూ" అంటారు. ఆమె జాడ ఒక్కచోటే ఉంది: 240 చీటీల్లో, డాక్టరు రిజిస్టరులోని 210 పేర్లలో లేని 30లో. ఆ ముప్పైమందీ వెళ్ళిపోయినవాళ్ళని రాయకండి, కొందర్ని వేరే విభాగానికి పంపి ఉంటారు. ఆ తేడా ఎవర్ని వెతకాలో చెబుతుంది, ఎందుకు వెళ్ళారో చెప్పదు. అది తెలియాలంటే ఇంటర్వ్యూల్లో కొన్నింటిని బస్టాండులో, గేటు బయట పెట్టుకోవాలి. వరుస చూసి చీటీ కూడా తీసుకోకుండా వెనుదిరిగినవాళ్ళు గేటు దగ్గరి పరిశీలకుడికి తప్ప ఎవరికీ కనపడరు.

అనుమతుల సంగతి రెండు మాటల్లో. సూపరింటెండెంటు అనుమతి, నైతికతా కమిటీ ఆమోదం రెండూ రాయండి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఇలాంటి అధ్యయనానికీ వర్తిస్తాయి. రిజిస్టరులోంచి పేర్లు, జబ్బులు అక్కర్లేదు, సంఖ్యలూ సమయాలూ చాలు.

ప్రతిపాదన మళ్ళీ రాసినప్పుడు ఆ పాత వాక్యం కొట్టేసి నాలుగు గుర్తులతో ఒక పట్టిక పెట్టాను. ఏ రెండు గుర్తుల మధ్య ఏ ఆధారం మాట్లాడుతుందో, అవి కలవకపోతే ముందు దేన్ని తనిఖీ చేస్తానో ఎదురుగా రాశాను. సార్ ఈసారి గేటు అన్న గడి దగ్గర ఆగి, "ఎన్నింటికి వెళ్ళి నిలబడతావు?" అని రాశారు. మా ఊరి తొలి బస్సు అక్కడికి ఐదుంబావుకు చేరుతుంది. ఐదింటికి అని రాసిచ్చాను.