బార్ మీద ఆ గీత మన పిల్లల కోసం వేసింది కాదు

పోయిన మీటింగులో మన క్లబ్‌హౌస్ జిమ్ము నుంచి బెంచి ప్రెస్ బల్ల తీసేద్దామని ఒక మాట వచ్చింది. బి బ్లాకు కుర్రాడికి భుజం నొప్పి పట్టుకుంది, అదీ కారణం. ఓటు వేసే ముందు మేము చూసింది రాస్తున్నాం. మేము అంటే పొద్దున ఆరున్నరకి అక్కడ చేరే నలుగురు రిటైర్డ్ మనుషులం.

ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, మొదలుపెట్టి రెండు నెలలు. బరువు ఎక్కువై నొప్పి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఒట్టి బార్ ఎత్తమని చూశాం. ఒట్టి బార్ అంటే 20 కిలోలే. అయినా కిందికి దించేటప్పుడు మొహం చిట్లించాడు. అంటే గొడవ బరువుతో కాదు, పట్టుతో.

బార్ మీద గరుకుగా ఉండే చోట రెండు వైపులా నున్నటి గీత ఒకటి ఉంటుంది. వాడు చూపుడువేళ్లు సరిగ్గా దాని మీద పెట్టాడు. "గీత ఉంది కదా తాతా, అక్కడే పట్టుకోవాలనుకున్నా" అన్నాడు. ఆ రెండు గీతల మధ్య దూరం 81 సెంటీమీటర్లు. అది పవర్‌లిఫ్టింగ్ పోటీల హద్దు, చూపుడువేళ్లు అంతకంటే బయటికి పోకూడదు. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో రాజిందర్ సింగ్ రహేలు కాంస్యం తెచ్చింది ఈ బెంచి ప్రెస్‌లోనే. అలాంటివాళ్లకి అది హద్దు, కొత్తగా నేర్చుకునేవాడికి కొలత కాదు. బ్రాడ్ గేజి పట్టాల మీద మీటర్ గేజి బండి పెడితే ఏమవుతుందో మాకు వేరే చెప్పాలా! ఇంకో సంగతి, వెయిట్‌లిఫ్టింగ్ బార్ అయితే ఆ గీతలు 91 దగ్గర ఉంటాయి. అందుకే గీతని నమ్మకుండా టేపు పెట్టి కొలవాలి.

వాణ్ణి వెనక్కి తిరిగి నిలబడమని, ఒక భుజం చివర ఎముక నుంచి ఇంకో భుజం చివర ఎముక దాకా కొలిచాం. 40 వచ్చింది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 60. కొత్తవాళ్లు అంతకు మించి వెడల్పు పోకపోవడం మంచిది. గీత నుంచి లోపలికి ఒక్కో చెయ్యి పది సెంటీమీటర్ల పైనే జరగాలి. చిటికెనవేలు గీత మీద పెడితే చాలదా అన్నాడు. చాలదు, అప్పటికీ 60 దాటుతుంది.

చేతులు అంత దూరం పెడితే మోచేతులు రెండు పక్కలకీ టెలిఫోను స్తంభం మీద అడ్డకర్రలా చాచుకుపోతాయి. చంక దగ్గర కోణం 90 అవుతుంది, బార్ మెడ వైపు దిగుతుంది. అలా దిగినప్పుడు జబ్బ ఎముక గుండు పైనున్న ఎముక కింద ఇరుకుతుంది, మధ్యలో ఉన్న నరం లాంటి కండ తాడు నలుగుతుంది. భుజం ముందు వైపు సాగుతుంది. ఒక్కరోజులో తెలియదు, రోజూ నలిగితే తెలుస్తుంది.

60 దగ్గర పట్టుకోగానే మోచేతులు వాటంతట అవే కొంచెం కిందికి వచ్చాయి. తల వైపు నిలబడి చూస్తే బాణం మొనలా కనబడాలి, చంకలో కోణం 45 నుంచి 60 లోపల. బార్ చనుమొనలకి కాస్త కింద తాకాలి. వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి లాగి బల్లకి ఆనించి ఉంచాలి (మా తమిళ బడిలో దీన్ని తోళ్‌పట్టై అనేవారు, తెలుగులో అడిగితే ఇంటికో మాట చెప్తారు).

మర్నాడు వాడు ఇంకో చివరికి పోయాడు. మోచేతులు డొక్కలకి అతికించేశాడు. బార్ పొట్ట మీదికి దిగింది, మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగింది. అదీ తప్పే. భుజం ముందు భాగం మీద మళ్లీ భారం పడుతుంది. ఒక్క గుర్తు చాలు: బార్ ఛాతీకి తాకినప్పుడు కాళ్ల వైపు నుంచి చూసినా, పక్క నుంచి చూసినా ముంజేయి నిలువుగా ఉండాలి. ఫోను పెట్టి వీడియో తీసుకుంటే ఎవరికి వాళ్లే చూసుకోవచ్చు.

చేతులు పొడుగ్గా, ఛాతీ పల్చగా ఉన్నవాళ్లకి పట్టు సరిచేసినా బార్ మరీ లోతుకి దిగుతుంది. వాళ్లు కొన్నాళ్లు నేల మీద పడుకుని డంబెల్స్‌తో చెయ్యొచ్చు. మోచెయ్యి నేలకి తగిలి అక్కడే ఆగుతుంది.

ఛాతీ కండ రెండు రోజులు సలిపితే కంగారక్కర్లేదు. భుజం ముందో పైనో ఒకేచోట పొడిచినట్టుంటే, హెల్మెట్ పెట్టుకోవడానికి చెయ్యి ఎత్తితే కలుక్కుమంటే, ఆపాలి. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతే జిమ్ము మాట వదిలేసి డాక్టరు దగ్గరికి పోవాలి. వాడికి అంతదాకా రాలేదు. నొప్పి తగ్గేదాకా పది రోజులు ఆపించి, తర్వాత ఒట్టి బార్‌తోనే మూడు వారాలు చేయించాం. ఇప్పుడు 30 కిలోలు మొహం చిట్లించకుండా దించుతున్నాడు.

బార్ మీద 60 దగ్గర తెల్ల టేపు చుట్టాం. అది వాడి కొలత. మీ పిల్లలది వేరే ఉంటుంది. ఆదివారం ఏడింటికి పంపండి, కొలిచి రంగు టేపు చుడతాం. కమిటీవాళ్లు కూడా ఆ రోజే వచ్చి చూసి, తర్వాత బల్ల సంగతి తేల్చండి.