అందాజాకు సబూత్

మా ఆపా కూతురు ఏడో తరగతి. పోయిన పరీక్షలో ఒక్కమాట జవాబులు రాసి సగం మార్కులే తెచ్చుకుంది. మొన్న ఇంకో పాఠం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "ఖాలా, ఈ సవాళ్లకు జవాబులు పాఠంలో లేనే లేవు" అంది.

ఫోటోలో కింది పంక్తి తెగిపోయింది. మళ్లీ తీయించాను. పాఠం ఇదీ: "రజియా రెండు పళ్లేల్లో అన్నం పెట్టింది. ఒకదాని మీద మూత పెట్టింది. గడియారం వైపు మూడోసారి చూసింది. ఆటో చప్పుడుకు లేచి నిలబడింది. ఆటో ఆగకుండా వెళ్లిపోయింది."

మొదటి సవాల్: రజియా ఏం చేస్తోంది? "కొడుకు కోసం చూస్తోంది" అంది పిల్ల. కొడుకన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. లేదు. అది గుమాన్, అందాజా కాదు. చివరికి ఇలా రాసింది: "రజియా ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఎందుకంటే 'గడియారం వైపు మూడోసారి చూసింది' అని పాఠంలో ఉంది."

"అన్నం పెట్టింది" అన్న పంక్తి ఎందుకు పనికిరాదంది. ఎవరి కోసమూ చూడనివాళ్లు కూడా అన్నం పెట్టుకుంటారు కదా! మూడుసార్లు గడియారం చూసేది మాత్రం ఎదురుచూసేవాళ్లే.

రెండో సవాల్: ఆ మనిషి వచ్చారా? తెగిన ఫోటోతో రాస్తే "వచ్చారు" అనే రాసేది. "ఇంకా రాలేదు. ఎందుకంటే 'ఆటో ఆగకుండా వెళ్లిపోయింది' అని ఉంది" అని రాసింది. సబూత్ ఆ కింది పంక్తిలోనే ఉంది మరి.