నంబరు అసలుదే, మనిషే నకిలీ

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం ఇంట్లో నాన్నగారి దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన నెల మన సంఘం తమ్ముడొకడు ఇంటికి వచ్చినాడు. కోయంబత్తూరు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. వచ్చిన డబ్బులో 3 లక్షలు మిద్దె వేయడానికని దాచుకున్నాడు. ఎవరో అతన్ని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారట. అందులో "ప్రొఫెసర్" అనే ఒకాయన రోజూ షేర్ల పేర్లు చెప్తాడు, లాభం గ్యారంటీ అంటాడు. తక్కినవాళ్లు తమకొచ్చిన లాభాల ఫోటోలు పెడతారు. వాళ్లు పంపిన లింకుతో యాప్ పెట్టుకుని తమ్ముడు 40,000 వేశాడు. పది రోజుల్లో 61,000 అని చూపించింది. పరీక్షకని 2,000 అడిగితే బ్యాంకులో పడింది కూడా. ఆ రెండు వేలతోనే నమ్మకం కుదిరింది. ఇంకో 2 లక్షలు వేద్దామని బయలుదేరాడు.

"సెబీ సర్టిఫికెట్ ఉందన్నా, మీరే చూడండి" అన్నాడు. INA తో మొదలయ్యే నంబరు, ముద్ర, అన్నీ ఉన్నాయి.

మేము రైల్వేలో పాసులు చూసే సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాం. పాసు నంబరు రికార్డులో ఉంటే సరిపోదు, ఎదుట నిలబడ్డవాడు ఆ పేరుగల మనిషేనా అని చూడాలి. ఇక్కడా అదే చేశాం. sebi.gov.in లో రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల జాబితా తీసి నంబరు వెతికాం. దొరికింది! తమ్ముడి ముఖం వెలిగింది. కానీ ఆ వరుసలోని ఫోను, ఈమెయిలు ఒకటీ గ్రూపులో ఇచ్చినవాటితో కలవలేదు. జాబితాలోని ఫోనుకే కాల్ చేశాం. "మాకు ఏ వాట్సాప్ గ్రూపూ లేదండీ" అన్నారు వాళ్లు.

"డబ్బు ఎవరి ఖాతాకి వేశావు?" అని అడిగితే ఏదో ట్రేడర్స్ పేరు చెప్పాడు. అడ్వైజరు మన దగ్గర తీసుకోవలసింది ఫీజు మాత్రమే. షేర్లు కొనే డబ్బు మన బ్రోకరుకి పోవాలి, కొన్న షేర్లు మన పేరున డీమ్యాట్ ఖాతాలో కనిపించాలి.

"నీకు డీమ్యాట్ ఉందా తమ్ముడూ?"

"లేదన్నా, షేర్లు యాప్‌లోనే ఉన్నాయి కదా."

ఇంక మాకు వేరే రుజువు అక్కరలేకపోయింది. పైగా లాభం గ్యారంటీ అని చెప్పడానికి రిజిస్టరైన అడ్వైజరుకి సెబీ అనుమతే లేదు.

మొత్తం డబ్బు వెనక్కి అడిగి చూడమన్నాం. "ముందు 15 శాతం పన్ను కట్టండి" అని జవాబు. పన్ను మనం ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి కట్టేది, గ్రూపు వాళ్ల ఖాతాకి కాదు. గ్రూపులో నుంచి తీసేయకముందే అన్నీ ఫోటోలు తీసిపెట్టుకుని 1930 కి ఫోన్ చేశాం, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు ఎక్కించాం.

మిద్దెకని పెట్టిన దాంట్లో 2,60,000 బ్యాంకులో భద్రంగా ఉంది. పోయిన 38,000 సంగతి ఇంకా తేలలేదు. ఇంట్లో మరదలికి ఈ మాట ఎలా చెప్పాలని తమ్ముడు అడిగినాడు. రేపు ఆదివారం మేమూ కూడా వెళ్తున్నాం.