పేబ్యాక్‌లో గెలిచిన మిషను ఎన్‌పీవీలో ఎందుకు ఓడింది?

బీకాంలో ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్ రాయబోయే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. పక్కన క్యాలిక్యులేటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

క్యాపిటల్ బడ్జెటింగ్ లెక్కల్లో రెండు మిషన్లు ఇచ్చి ఏది కొనాలి అని అడుగుతారు. పేబ్యాక్ ఒక మిషను మంచిదంటుంది, ఎన్‌పీవీ ఇంకోటి మంచిదంటుంది. ఆన్సర్ కీ మాత్రం ఎప్పుడూ ఎన్‌పీవీ వైపే ఉంటుంది. మా హాస్టల్లో కామర్స్ చదివే వాళ్లం దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. ఎందుకంటే మా ఇళ్లలో డబ్బు పెట్టే ముందు పెద్దవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న: "పెట్టింది ఎప్పుడు తిరిగొస్తది?" అది పేబ్యాక్ ప్రశ్నే. పుస్తకం దాన్ని చిన్నచూపు చూస్తే ఊరికే ఒప్పుకోవడం మాకు ఇష్టం లేకపోయింది. అందుకే లెక్క మొత్తం విప్పి చూశాం.

రెండు పిండిమరలు అనుకోండి. రెండూ లక్ష రూపాయలే. ఎ అనేది సెకండ్ హ్యాండ్ మర. మొదటి ఏడాది 60,000, రెండో ఏడాది 40,000, మూడో ఏడాది 10,000 ఇచ్చి మూలన పడుతుంది. బి కొత్తది. గిరాకీ మెల్లగా పెరుగుతుంది కాబట్టి వరసగా 20,000, 30,000, 50,000, 60,000 ఇస్తుంది. పెట్టుబడి ఖర్చు 10 శాతం.

పేబ్యాక్ చూస్తే ఎ రెండేళ్లలో లక్ష తెచ్చేసింది. బికి మూడేళ్లు పట్టింది. ఎ గెలిచింది.

ఇప్పుడు ఎన్‌పీవీ. 10 శాతానికి ఫ్యాక్టర్లు 0.909, 0.826, 0.751, 0.683. ఎ డబ్బుని వీటితో గుణిస్తే 54,540, 33,040, 7,510 వస్తాయి. మొత్తం 95,090. పెట్టింది లక్ష కదా, 4,910 తక్కువ. అంటే మైనస్. బికి 18,180, 24,780, 37,550, 40,980, మొత్తం 1,21,490. ప్లస్ 21,490. కీ బి అంటుంది.

ఇక్కడిదాకా అందరం చేసేస్తాం. మా అనుమానం వేరే. ఎ మిషను 1,10,000 తెచ్చింది, పెట్టింది లక్ష. పదివేలు మిగిలినట్టు కనిపిస్తుంటే నష్టం అని ఎలా అంటారు? ఫ్యాక్టర్ టేబుల్ చూసి గుణించడం వచ్చినా ఈ ప్రశ్నకి జవాబు రాదు. మాకు అర్థమైంది అప్పు ఖాతా రాసుకున్నాకే.

ఆ లక్ష నూటికి ఏడాదికి పది రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. ఎ కొన్నారు. ఏడాది తిరిగేసరికి అప్పు 1,10,000. మర ఇచ్చిన 60,000 కడితే 50,000 మిగిలింది. రెండో ఏడాది వడ్డీతో 55,000, అందులో 40,000 కడితే 15,000. పేబ్యాక్ ప్రకారం ఇక్కడికి డబ్బంతా తిరిగొచ్చేసింది. అప్పు పుస్తకంలో మాత్రం ఇంకా పదిహేను వేలు ఉంది! మూడో ఏడాది 16,500 అయింది, మర ఇచ్చింది 10,000. ఇంకా 6,500 బాకీ, మర చూస్తే ఆగిపోయింది. మూడేళ్ల తర్వాతి ఆ 6,500ని ఇవాళ్టి విలువకు తెస్తే సుమారు 4,880. పైన వచ్చిన మైనస్ 4,910 అదే. కొద్ది రూపాయల తేడా ఫ్యాక్టర్లను మూడు అంకెలకే రాయడం వల్ల.

బికి కూడా రాసి చూడండి. మూడో ఏడాది చివర 25,900 అప్పు ఉంటుంది, నాలుగో ఏడాది వడ్డీతో 28,490. మర 60,000 తెచ్చింది. అప్పు తీరి 31,510 చేతిలో మిగిలింది.

అంటే పేబ్యాక్ అసలు మాత్రమే లెక్కపెడుతుంది, వడ్డీని చూడదు. పైగా అసలు వచ్చిన రోజే పుస్తకం మూసేస్తుంది. బి నాలుగో ఏడాది తెచ్చే 60,000 దానికి కనపడనే కనపడదు. అది ఆరు వేలైనా ఆరు లక్షలైనా దాని జవాబు మూడేళ్లే. డిస్కౌంటెడ్ పేబ్యాక్ అని ఇంకోటి ఉంది. అది వడ్డీని పట్టుకుంటుంది (బికి సుమారు మూడున్నరేళ్లు, ఎకి అసలు తిరిగే రాదు), కానీ తర్వాత వచ్చే డబ్బుని అదీ చూడదు. యజమాని సంపద ఎంత పెరుగుతుందన్నదే ఆ సబ్జెక్టు అడిగే ప్రశ్న. దానికి రూపాయల్లో జవాబిచ్చేది ఎన్‌పీవీ కాబట్టి కీ అటు మొగ్గుతుంది.

మరి మా పెద్దవాళ్లది తెలివితక్కువ ప్రశ్నా? కాదు. ఏజెన్సీ ఊళ్లలో కాఫీ మొక్క పెడితే మొదటి కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది. అయినా సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్ల మీదికి మిరియం తీగ పెట్టి పెంచింది మనవాళ్లే. ఆగడం వాళ్లకు తెలుసు. తేడా వడ్డీలో ఉంది. బ్యాంకు దొరకక నెలకి నూటికి మూడు రూపాయలకు తెస్తే ఏడాదికి 36 శాతం. అదే లెక్క 36 శాతంతో చేశాం. ఎ విలువ సుమారు 69,700, బిది 68,300. రెండూ ముప్పై వేల దాకా నష్టమే, ఇద్దరిలో ఎ కాస్త నయం! అంత వడ్డీ మీద బతికినవాళ్లు "త్వరగా తిరిగొస్తదా" అని అడగడంలో తప్పేముంది? నిజానికి ఎన్‌పీవీ కూడా ఆ రేటు దగ్గర రెండూ కొనొద్దనే అంటుంది. కాబట్టి ప్రశ్నలో ఇచ్చిన ఆ 10 శాతం ఊరికే రాసిన అంకె కాదు, జవాబుని తిప్పేసేది అదే.

పేబ్యాక్ వైపు ఇంకో వాదన ఉంది. నాలుగో ఏడాది 60,000 వస్తుందని ఎవరు చూశారు, పక్క వీధిలో ఇంకో మర పెడితే? న్యాయమైన భయమే. కానీ ఆ భయాన్ని కూడా ఎన్‌పీవీతో కొలవొచ్చు. మొదటి మూడేళ్లలో బి తెచ్చింది ఇవాళ్టి విలువలో 80,510. లక్షకి 19,490 తక్కువ. దాన్ని 0.683తో భాగిస్తే సుమారు 28,500. అంటే నాలుగో ఏడాది 60,000 బదులు సగం కంటే తక్కువ వచ్చినా బి నష్టపోదు. పేబ్యాక్ ఈ మాట చెప్పలేదు, "మూడేళ్లు" అని ఊరుకుంటుంది.

పేపర్లో రాసేటప్పుడు ప్రశ్న చివరి లైను రెండుసార్లు చదవండి. లిక్విడిటీ ముఖ్యం అనో, మూడేళ్లలోపు తిరిగి రావాలి అనో స్పష్టంగా ఉంటే పేబ్యాక్‌తోనే తేల్చాలి. ఏమీ చెప్పకుండా రేటు ఇచ్చారంటే ఎన్‌పీవీతో తేల్చి, ఎ ఎందుకు వద్దో ఒక వాక్యం రాయండి. లాభం అని ఇచ్చారా, నగదు రాక అని ఇచ్చారా అన్నది కూడా చూసుకోండి. పన్ను తర్వాతి లాభం ఇస్తే తరుగుదల కలిపాకే ఫ్యాక్టర్‌తో గుణించాలి, ఎందుకంటే తరుగుదల పుస్తకంలో రాసిన ఖర్చే గాని చేతి నుంచి పోయిన డబ్బు కాదు.

రెండు మిషన్ల ఆయుష్షు వేరు వేరుగా ఉన్నప్పుడు ఇంకో మెలిక ఉంది. మన ఎ మూడేళ్లకే ఆగింది, ఎన్‌పీవీ మైనస్ కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాలేదు. రెండూ ప్లస్ వచ్చి, ఒకటి మూడేళ్లు, ఒకటి ఆరేళ్లు నడిస్తే, చిన్నదాన్ని రెండోసారి కొన్నట్టు లెక్కేసి ఇద్దరినీ ఆరేళ్ల మీద పోల్చాలి. ఆ లెక్క ఎవరైనా చేసి కింద పెడితే కలిసి సరిచూద్దాం.