తెరపై ఒక్కొక్క చరణం

గోదావరీ తీరంలోని ఒక చిన్న పట్టణపు రామాలయంలో ప్రతి శనివారం సాయంకాలం సంకీర్తన జరుగుతుంది. అక్కడ ప్రొజెక్టరు భారాన్ని వహించినవారు విశ్రాంత తెలుగు పండితులు ఒకరు. అందరూ ఆయనను మాస్టారు అంటారు. ఆయన ఈ పనికి పూనుకొనడానికి కారణం సామాన్యమైనదే. ముందువరుసలోని పదిమంది పాడేవారు, వెనుకనున్న అరవైమంది చేతులు జోడించి వినేవారు. వినడమూ భక్తియే, శ్రవణం నవవిధ భక్తులలో మొదటిది. కానీ వారిలో అధికులు ఒకప్పుడు పాడినవారే. పుస్తకంలోని అక్షరం కంటికి ఆననందున మానివేసినవారు. శుక్లాల శస్త్రచికిత్స చేయించుకున్న ఒక వృద్ధురాలు "చరణం సగం వస్తుంది నాయనా, మిగతా సగం పెదవులు కదుపుతూ ఊరుకుంటాను" అని ఆయనతో అన్నారట.

అంతకుముందు ఎవరో ఒక యువకుడు కొన్ని కీర్తనలను తెరకెక్కించి చూశాడు. ఒక్కొక్క స్లైడులో కీర్తన మొత్తం ఉండేది, వెనుక కోదండరాముని వర్ణచిత్రం, దానిపై ఎర్రని అక్షరాలు. స్వామి నీలిమేనిపై పడిన ఎరుపు అక్షరం ముందువరుసకే కనబడలేదు. మాస్టారు మొదట చేసిన పని ఆ చిత్రాన్ని తీసివేయడం. "మూర్తి గర్భగుడిలో ఉన్నది. తెర మీద సాహిత్యం చాలు" అన్నది ఆయన పక్షం. ఇది సౌందర్యదృష్టి లేని మాటగా తోచవచ్చు గాని, అక్షరానికి వెనుక సమతలమైన ఒకే వర్ణం ఉంటే తప్ప దూరాన ఉన్న వృద్ధనేత్రం దానిని విడదీసి పట్టలేదు.

తరువాత పరిమాణం. ఇక్కడ ఆయన ఊహను నమ్మలేదు, టేపు పట్టుకుని కొలిచారు. చివరివరుస నుండి తెరకు 40 అడుగులు, అనగా 480 అంగుళాలు. దూరంలో రెండువందలవ వంతు అక్షరం ఎత్తుగా ఉండాలన్నది సుఖంగా చదవడానికి చాలామంది పాటించే కొలత. ఆ లెక్కన తెరపై అక్షరం 2.4 అంగుళాలు ఉండాలి. తెర వెడల్పు 8 అడుగులు, ఎత్తు నాలుగున్నర అడుగులు, అంటే 54 అంగుళాలు. పవర్‌పాయింటులో వెడల్పు స్లైడు ఎత్తు 7.5 అంగుళాలు, అది 540 పాయింట్లు. కనుక తెరపై ఒక అంగుళం అంటే స్లైడులో సరిగా 10 పాయింట్లు. 2.4 అంగుళాలకు 24 పాయింట్లు చాలునని ఇక్కడ తొందరపడరాదు. ఫాంటుకు చెప్పే సంఖ్యలో పైనున్న గుడి, దీర్ఘం, క్రిందనున్న వత్తు అన్నింటికీ చోటు కలిసి ఉంటుంది. "న" వంటి ఒంటరి అక్షరం దేహం అందులో సుమారు సగమే. ఫాంటును బట్టి ఇది మారుతుంది కాబట్టి ఆయన ఒక స్లైడులో "న" ఒక్కటే వ్రాసి, తెరపై స్కేలు ఆనించి చూశారు. 48 పాయింట్లకు కొలత సరిపోయింది. వృద్ధులను తలచి 60 స్థిరం చేశారు.

అయితే తెలుగులో అక్షరం కనబడటం వేరు, ఏ అక్షరమో తెలియడం వేరు. ద, ధల మధ్య భేదం అడుగునున్న ఒక చిన్న గీత. ప ఫ, డ ఢ, చ ఛ కూడా అంతే. ఆ గీత కనబడకపోతే "ధార" కాస్తా "దార" అవుతుంది. అమృతధార అనవలసిన చోట అరవైమంది అమృతదార అంటారు, ప్రవాహం భార్యగా మారిపోతుంది. అందుచేత ఆయన పరీక్షకు పెట్టుకున్న అక్షరం "ధ". చివరివరుసలో, దీపాలన్నీ వెలుగుతుండగా, ఆ గీత కనబడితేనే పరిమాణం చాలినట్లు. దీనికి ఇంకొక శత్రువు మందపు ఫాంటు. పెద్దగా కనబడుతుందని అక్షరాన్ని బోల్డు చేస్తారు. తెలుగు లిపి వర్తులాకారం, దాని ప్రాణం లోపలి శూన్యంలో ఉంది. గీత మందమైతే ఆ శూన్యం పూడిపోయి మ, య, ల ఒకే ముద్దగా కనబడతాయి. రామభద్ర వంటి స్థూలమైన ఫాంటు శీర్షికకు శోభ, చరణానికి కాదు. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి సమమైన గీత గలవి పాటకు మేలు.

60 పాయింట్ల అక్షరానికి పంక్తికీ పంక్తికీ మధ్య దూరం మాస్టారు సరిగ్గా 90 పాయింట్లుగా స్థిరం చేశారు. అలా స్థిరం చేయక గుణకానికి వదిలివేస్తే ఫాంటు మారినప్పుడల్లా దూరం మారిపోతుంది, పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకుతుంది. నాలుగు పంక్తులకు 360 పాయింట్లు పోగా 180 మిగిలాయి. అందులో పైన 70, క్రింద 110 వదిలారు. క్రింద ఎక్కువ వదలడానికి హేతువు లౌకికమైనది: ముందు కూర్చున్నవారి తలలు తెర అడుగును కప్పివేస్తాయి. మామూలుగా చివరి పంక్తియే అలా మాయమవుతుంది, కీర్తనలలో ముద్ర ఉండేదీ తరచుగా చివరి చరణంలోనే.

స్లైడుకు ఒక్క చరణం అన్న నియమం ఈ లెక్క నుండే పుట్టింది. నాలుగు పంక్తులకు మించి పట్టదు కనుక పాటయే తన సంధులలో విడిపోవాలి. అన్నమాచార్యుల సంకీర్తన సాధారణంగా ఒక పల్లవి, మూడు చరణాలు. నాలుగు స్లైడులు చాలుననిపిస్తుంది. కానీ గాయకులు ప్రతి చరణం తరువాత పల్లవికి మరలుతారు. స్లైడులు నడిపేవాడు వెనక్కి మూడుసార్లు నొక్కుతూ వెదికేలోపు పల్లవి అయిపోతుంది. అందుచేత మాస్టారు పల్లవి స్లైడును నకలు చేసి ప్రతి చరణం తరువాత నిలిపారు. పల్లవి, చరణం, పల్లవి, చరణం, పల్లవి, చరణం, పల్లవి: మొత్తం ఏడు. చేయి ఎప్పుడూ ముందుకే నొక్కుతుంది. పైన వదిలిన 70 పాయింట్లలో, చరణం స్లైడు మీద, పల్లవి మొదటి పదాన్ని 32 పాయింట్లలో లేతవర్ణంతో ఉంచారు. ఇది చివరివరుసకు కనబడదు, కనబడనక్కరలేదు కూడా. అది స్లైడు నడిపేవానికీ మృదంగం వాయించేవారికీ గుర్తు. గాయకులు అనుకోకుండా ఒక చరణం విడిచిపెట్టినప్పుడు స్లైడు సంఖ్యను టైపు చేసి Enter నొక్కితే అక్కడికే వెళుతుంది, కనుక ఆ ఏడు సంఖ్యలు ఒక కాగితంపై వ్రాసి ప్రక్కన ఉంచుకోవాలి.

స్లైడు మార్చవలసిన క్షణం విషయంలో ఆయనది గట్టి పట్టుదల. పంక్తి పూర్తయ్యాక మారిస్తే ఆలస్యమే. పాడేవాని దృష్టి నోటికంటె ఒక పదం ముందు నడుస్తుంది. పల్లవి చివరి ఆవృత్తిలో చివరి పదం మొదలవుతుండగానే మార్చాలి. ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలో కొత్త పంక్తి కంటి ముందుండాలి.

పంక్తిని ఎక్కడ విరవాలన్నది యంత్రానికి వదలరాదు. 60 పాయింట్లలో ఒక పంక్తికి సుమారు 20 అక్షరాలు పడతాయి, విశాలమైన అక్షరాలుంటే 17, 18. అంతకు మించితే పవర్‌పాయింటు తనకు తోచిన చోట మడుస్తుంది. గేయమైతే శ్వాస ఆగే చోట, ప్రాస కనబడేలా విరవడం సులభం. పద్యం వద్దనే చిక్కు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదవ అక్షరంపై. యతి వద్ద విరిస్తే 9, 11గా ముచ్చటగా విడిపోతుంది, కానీ నాలుగు పాదాలు ఎనిమిది పంక్తులై రెండు స్లైడులకు పాకుతాయి. పైగా తెలుగు పద్యంలో పదం పాదాంతాన ఆగదు, తరువాతి పాదంలోకి ప్రవహిస్తుంది. రెండవ పాదం చివర స్లైడు మారిస్తే ఒక పదం నిలువునా తెగి, సగం ఈ స్లైడులో, సగం ఆ స్లైడులో పడుతుంది. మాస్టారు ఛందస్సును ఒకింత ప్రక్కనపెట్టి, సగానికి సమీపంలో పదం ఎక్కడ ముగుస్తుందో అక్కడే స్లైడు విరిచారు. మొదటి స్లైడుకు మూడు పంక్తులు, రెండవదానికి అయిదు రాబోతే అక్షరాన్ని 60 నుండి తగ్గించకుండా మూడు స్లైడులు చేశారు. వ్యాకరణం తెలిసినవారు కొందరు ఆక్షేపించారు. పాడేవారికి మాత్రం అదే హాయిగా ఉన్నది.

నియమం సడలించిన చోటు కూడా ఉంది. శుక్రవారం నాటి లలితాసహస్రనామ పారాయణలో సుమారు 183 శ్లోకాలు. అరగంటలో పూర్తయ్యే పారాయణకు స్లైడుకు ఒక్క శ్లోకమైతే ప్రతి పది సెకన్లకు ఒకసారి నొక్కాలి. నడిపేవాని చేయి తడబడుతుంది, కదిలే తెర చూచేవారి చిత్తాన్నీ కదిలిస్తుంది. అనుష్టుప్పులో శ్లోకం రెండు పంక్తులే, పంక్తికి 16 అక్షరాలు. కనుక స్లైడుకు రెండు శ్లోకాలుంచారు. పంక్తినంతా ఆక్రమించే 16 అక్షరాల నామాలు అందులో ఉన్నాయి. వాటిని మధ్యలో మడవకుండా చూచుకోవడమే అక్కడి జాగ్రత్త.

అన్ని సంకీర్తనలకూ తెర అక్కరలేదని కూడా ఆయనే అంటారు. భాగవతారు ఒక పంక్తి పాడితే గోష్ఠి దానినే తిరిగి పలికే భజనలో సాహిత్యం చెవి నుండి నోటికి చేరుతుంది. అక్కడ తెర పెడితే జనం భాగవతారుని ముఖం చూడటం మానివేస్తారు. అందరూ ఏకకాలంలో పాడవలసిన వాటికే ఆయన స్లైడులు చేశారు.

ఉత్సవదినాన మరొక ఆలయంవారు ఈ స్లైడులు అడిగి తీసుకున్నారు. వారి కంప్యూటరులో మండలి ఫాంటు లేదు, మరొకటి వచ్చి కూర్చుని పంక్తులన్నీ మడతపడ్డాయి. ఆ తరువాత ఆయన ప్రతి కీర్తననూ పీడీఎఫ్‌గా కూడా భద్రపరుస్తున్నారు, అందులో అక్షరరూపం ఫైలుతోపాటే వెళుతుంది. డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో కూర్చిన పాత సాహిత్యాన్ని మాత్రం యూనికోడులో తిరిగి టైపు చేయవలసివచ్చింది. ఆ ఫాంటు లేని చోట అది అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా కనబడుతుంది. తిరిగి టైపు చేసినదానిని ప్రామాణికమైన ముద్రిత ప్రతితో ఆయన ఒకసారి, కీర్తన తెలిసిన మరొకరు ఒకసారి సరిచూస్తారు, రెండవవారు బిగ్గరగా చదువుతూ.

వర్ణం విషయంలో ఆయన రెండు ప్రతులు ఉంచుకున్నారు. పగటివెలుతురులో లేతనేలపై నల్లని అక్షరం, రాత్రి ముదురునీలంపై లేతపసుపు. రాత్రివేళ తెల్లని తెర వెలిగిస్తే గర్భగుడిలోని దీపం వెలవెలపోతుంది. హారతి మొదలుకాగానే కీబోర్డుపై B నొక్కుతారు, తెర మొత్తం నల్లబడుతుంది. హారతి అయ్యాక మళ్ళీ B నొక్కితే ఆగిన స్లైడే తిరిగి వస్తుంది.