పదకొండు తీర్పులు, ఒక్క నోట్సు

జ్యుడీషియల్ సర్వీసు పరీక్షకు తయారయ్యే పిల్లలతో ఏటా కేశవానంద భారతి కేసు చదివిస్తాను. 1973 ఏప్రిల్ 24న పదమూడు మంది న్యాయమూర్తులు పదకొండు వేర్వేరు తీర్పులు చెప్పిన కేసది. తలా రెండు పంచుకుని చదవడం తేలికే. కలిపేటప్పుడే తలనొప్పి మొదలు.

ఎవరి నోట్సు వాళ్లది వరుసగా అతికిస్తే సిక్రీ గారికి ఆరు పేజీలు, పాలేకర్ గారికి అరపేజీ వస్తాయి. చూసేవాళ్లకు పాలేకర్ పెద్దగా ఏమీ చెప్పలేదనిపిస్తుంది. నిజానికి చదివినవాడికి ఓపిక అయిపోయి ఉంటుంది. అందుకే చదవకముందే ప్రశ్నలు ఖాయం చేస్తాను: గోలక్‌నాథ్ తీర్పు నిలుస్తుందా, 368వ అధికరణ కింద సవరణకు హద్దుందా, ఉంటే దేని ఆధారంగా, 31సి చెల్లుతుందా. ఒక్కో న్యాయమూర్తి నుంచి ఒక్కో ప్రశ్నకు మూడు వాక్యాలు, పక్కన పేరా నంబరు. జవాబు దొరక్కపోతే 'దీనిపై మాట్లాడలేదు' అని రాయాల్సిందే. గడి ఖాళీగా ఉంటే ఆయన చెప్పలేదో, వీడు చదవలేదో తెలియదు.

ఇక పదాలు. షెలత్, గ్రోవర్ 'మౌలిక అంశాలు' అన్నారు. ఖన్నా 'మౌలిక స్వరూపం లేదా చట్రం' అన్నారు. మా నోట్సంతా 'మౌలిక స్వరూపం' అనే వాడతాం, కానీ ప్రతి న్యాయమూర్తి సొంత మాటను ఒక్కసారైనా కొటేషన్లలో ఉంచుతాం. జాబితాలు మాత్రం కలపనివ్వను. సిక్రీ జాబితాలో లౌకిక, సమాఖ్య స్వభావాలున్నాయి. మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లిన జగన్మోహన్ రెడ్డి గారు పార్లమెంటరీ ప్రజాస్వామ్యాన్ని, రాజ్యానికి ఉన్న మూడు అంగాలను చెప్పారు. రెండూ కుట్టేస్తే ఏ న్యాయమూర్తీ రాయని జాబితా తయారవుతుంది.

అంకెలున్న వాక్యాన్ని నేను అస్సలు నమ్మను. ఒకసారి 'ప్రాథమిక హక్కులు మౌలిక స్వరూపంలో భాగమని ఏడుగురు అన్నారు' అని వచ్చింది. పేర్లు రాయమన్నాను. ఆరు రాసి, ఏడో పేరు ఖన్నా దగ్గర ఆగారు. ఖన్నాను చదివిన అమ్మాయి నోట్సులో, ఆస్తి హక్కు మౌలిక స్వరూపంలో లేదని ఉంది. మిగతా హక్కుల సంగతి? ఆయన రాసింది లాయర్లనే తికమక పెట్టింది. 1975లో ఇందిరా గాంధీ ఎన్నిక కేసులో, ప్రాథమిక హక్కులేవీ మౌలిక స్వరూపంలో లేవని తాను అనలేదని ఆయనే వివరణ ఇచ్చుకున్నారు. కాబట్టి ఆ వాక్యం కొట్టేసి, ఆరుగురిని ఒకచోట, ఖన్నాను ఆ వివరణతో సహా విడిగా రాశాం.

'మెజారిటీ' అన్న మాటా అంతే. హద్దుందన్నది ఏడుగురు, కోర్టు చివర్లో విడుదల చేసిన సారాంశం మీద సంతకాలు తొమ్మిది. నోట్సులో ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఏ ప్రశ్న మీదో, ఎవరెవరో పక్కనే ఉండాలి.